న్యూయార్క్ ఉదయం ఏడున్నరకు జాబ్ నడవాలి, షెడ్యూలర్‌కేమో యూటీసీ ఒక్కటే తెలుసు: ఏ దారి ఎవరికి సరిపోతుంది

సోమవారం నుంచి శుక్రవారం వరకు, న్యూయార్క్ టైమ్ ఉదయం 7:30కి ఒక రిపోర్ట్ వెళ్లాలి. మీ దగ్గరున్న షెడ్యూలర్‌లో టైమ్‌జోన్ పెట్టే చోటే లేదు. క్రాన్ లైన్‌లో ఏం రాసినా దాన్ని యూటీసీగానే చదువుతుంది. క్లౌడ్‌ఫ్లేర్ వర్కర్స్‌లోని క్రాన్ ట్రిగ్గర్లు ఇలాంటివే. అమెజాన్ ఈవెంట్‌బ్రిడ్జ్‌లో పాత పద్ధతి షెడ్యూల్ రూల్స్ కూడా అంతే.

చలికాలంలో న్యూయార్క్ యూటీసీ కంటే 5 గంటలు వెనుక ఉంటుంది కాబట్టి 7:30 అంటే 12:30 యూటీసీ. వేసవి సమయంలో తేడా 4 గంటలే కాబట్టి అదే 7:30 ఇప్పుడు 11:30 యూటీసీ. 2026లో ఈ మార్పులు మార్చి 8న, నవంబర్ 1న వస్తాయి. సమస్య ఇంతే. దీన్ని తీర్చే దారులు మాత్రం చాలా ఉన్నాయి, తప్పు దారి పట్టామని తెలిసేది నెలల తర్వాతే. అందుకే ముందు ఏ ప్రశ్నలు వేసుకోవాలో చూద్దాం.

## ముందు వేసుకోవాల్సిన ప్రశ్నలు

మొదటిది: ఒక గంట అటూ ఇటూ అయితే ఎవరికైనా నష్టమా? రాత్రి పూట పాత ఫైళ్లు తుడిచే పనికి లోకల్ టైమే అక్కర్లేదు. మనుషులు ఎదురుచూసే పనికి కావాలి.

రెండోది: ఒక రోజు అసలు నడవకపోవడం, ఒకే రోజు రెండుసార్లు నడవడం, ఈ రెండిట్లో ఏది ఎక్కువ చేటు? రిపోర్ట్ రెండుసార్లు వెళ్తే విసుగు పుడుతుంది, అంతే. డబ్బు కోసే పని రెండుసార్లు నడిస్తే అది వేరే స్థాయి గొడవ. ఈ ప్రశ్నకు జవాబు లేకుండా దారి ఎంచుకోవద్దని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే కింద చెప్పే ప్రతి దారీ ఈ రెండిట్లో ఒకవైపు ఒరుగుతుంది.

మూడోది: షెడ్యూలర్ ఎంత ఆలస్యంగా లేపుతుంది? పదిమంది పంచుకునే షెడ్యూలర్లలో 11:30 అని రాస్తే 11:30కే మొదలవుతుందన్న హామీ చాలాచోట్ల ఉండదు. ఈ ఒక్క విషయం మరచిపోవడం వల్లే, చూడ్డానికి బాగున్న పరిష్కారాలు దెబ్బతింటాయి.

నాలుగోది: మీ లోకల్ టైమ్ ప్రమాదకరమైన చోట ఉందా? అలాంటి చోట్లు రెండు. ఒకటి, గడియారం దూకే గంట. న్యూయార్క్‌లో అది తెల్లవారుజామున 1 నుంచి 3 మధ్య ఉంటుంది. రెండోది, యూటీసీ తేదీ, లోకల్ తేదీ వేరయ్యే వేళ. శుక్రవారం రాత్రి 9 గంటలకు న్యూయార్క్‌లో నడవాల్సిన పని యూటీసీలో శనివారం 1 లేదా 2 గంటలకు పడుతుంది. క్రాన్‌లో `MON-FRI` అని రాస్తే శుక్రవారం రిపోర్ట్ పోతుంది, ఆదివారం రాత్రి ఎవరూ అడగని రిపోర్ట్ వస్తుంది. `TUE-SAT` అని రాయాలి. వారాల పేర్లే రాయండి, అంకెలు వద్దు: మామూలు క్రాన్‌లో 1 అంటే సోమవారం, అమెజాన్ క్రాన్‌లో 1 అంటే ఆదివారం.

అయిదోది: ఏదైనా దేశం యూటీసీతో తనకున్న తేడానే, అంటే ఆఫ్‌సెట్‌నే మార్చేస్తే, మార్పు ఎక్కడ చేయాలో మీ టీమ్‌కి తెలుసా?

## మొదటి దారి: ఒక యూటీసీ గంట పెట్టి వదిలేయడం

`30 12 * * MON-FRI` అని రాస్తే చలికాలంలో 7:30కి, వేసవిలో 8:30కి నడుస్తుంది. ఇది తప్పేమీ కాదు. రిపోర్ట్ అందుకునేవాళ్లకి "యూటీసీ 12:30కి వస్తుంది" అని ముందే చెబితే, ఇంతకంటే నమ్మకమైన దారి లేదు. రెండుసార్లు నడవదు, గడియారం దూకినా దీనికి పట్టదు. గంట తేడా ఎవరికీ నొప్పి కానప్పుడు ఇదే ఎంచుకోండి, మిగతా వ్యాసం చదవక్కర్లేదు.

## రెండో దారి: ఏడాదికి రెండుసార్లు మార్చడం, లేదా నెలల వారీగా రెండు లైన్లు

చేత్తో మార్చే పద్ధతి ఆ బాధ్యత చూసే మనిషి సెలవులో లేనంతవరకు నడుస్తుంది. దాన్ని తప్పించుకోవడానికి చాలామంది ఇలా రాస్తారు:

```
30 11 * 4-10 MON-FRI
30 12 * 1-3,11,12 MON-FRI
```

ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా ఒక గంట, మిగతా నెలలకు ఇంకో గంట. చూడ్డానికి చక్కగా ఉంది, కానీ గడియారం నెల మొదట్లో మారదు. 2026లో మార్చి 9 నుంచి 31 వరకు ఉన్న 17 పనిదినాల్లోనూ రిపోర్ట్ 8:30కి వెళ్తుంది. ఆ ఏడాది నవంబర్ 1నే గడియారం మారుతుంది కాబట్టి నవంబర్‌లో అదృష్టవశాత్తు సరిపోతుంది. 2027లో మార్పు నవంబర్ 7న, కాబట్టి ఆ నెల మొదటి వారమంతా 7:30కి బదులు మళ్లీ 8:30కే వెళ్తుంది.

మరి "మార్చి రెండో ఆదివారం నుంచి" అని క్రాన్‌లోనే రాయలేమా? రాయలేం. మామూలు క్రాన్‌లో నెలలోని తేదీ, వారం రెండూ ఇస్తే రెండిట్లో ఏది కుదిరినా నడుస్తుంది, రెండూ కుదరాలని అర్థం కాదు. అలా రాద్దామని ప్రయత్నించేవాళ్లు ఎక్కువగా జారేది ఇక్కడే. ఈ దారిని నేను ఎవరికీ సూచించను.

## మూడో దారి: రెండు యూటీసీ గంటలూ పెట్టి, జాబ్ లోపల తలుపు కాపలా

ఇంటర్నెట్‌లో ఎక్కువగా దొరికే సలహా ఇదే. 11:30కీ 12:30కీ రెండుసార్లు లేపించండి, లోపల "న్యూయార్క్‌లో ఇప్పుడు ఏడో గంటేనా?" అని చూడండి, కాకపోతే ఏమీ చేయకుండా బయటికి వచ్చేయండి. కాగితం మీద ఇది అచ్చంగా సరిపోతుంది. నేనూ ఇలాగే రాసి, ఒక వేసవి రోజు రిపోర్ట్ రాకపోయాక గంటల తరబడి వెతికాను. ఎర్రర్ లేదు, లాగ్‌లో రెండు రన్‌లూ పచ్చగానే ఉన్నాయి.

జరిగింది ఇది. 11:30 యూటీసీ రన్ ఆ రోజు 35 నిమిషాలు ఆలస్యంగా లేచింది. అప్పటికి న్యూయార్క్‌లో 8:05. ఏడో గంట కాదు కాబట్టి జాబ్ మర్యాదగా బయటికి వెళ్లిపోయింది. తర్వాత 12:30 రన్ వచ్చేసరికి 8:30, అదీ వెళ్లిపోయింది. చలికాలంలో ఇదే ఆలస్యం తిరగబడుతుంది: 6:30కి లేవాల్సిన రన్ 40 నిమిషాలు ఆగి 7:10కి లేస్తే తలుపు తెరుచుకుంటుంది, మళ్లీ 7:30 రన్‌కీ తెరుచుకుంటుంది. రిపోర్ట్ రెండుసార్లు వెళ్తుంది.

తప్పంతా "ఇప్పుడు టైమెంత" అని అడగడంలో ఉంది. అడగాల్సింది "నన్ను లేపింది ఏ లైన్" అని. చాలా షెడ్యూలర్లు ఈ సమాచారం ఇస్తాయి. క్లౌడ్‌ఫ్లేర్‌లో `controller.cron` అనే చోట మీరు రాసిన క్రాన్ లైన్ ఉన్నదున్నట్టు వస్తుంది. 11:30 లైన్ వేసవి ఆఫ్‌సెట్‌కి, 12:30 లైన్ చలికాలపు ఆఫ్‌సెట్‌కి అని ముందే కట్టేసి, ఇప్పటి ఆఫ్‌సెట్‌కి చెందిన లైనే లేపితే పని చేయండి. రన్ గంట ఆలస్యమైనా జవాబు మారదు.

ఇలా సరిదిద్దాక కూడా రెండు లోపాలు మిగులుతాయి. షెడ్యూలర్ ఆ రన్‌ని పూర్తిగా వదిలేస్తే ఇంకో అవకాశం లేదు. రెండోది గడియారం దూకే గంట. జాబ్ 2:30కి అనుకుందాం, అప్పుడు లైన్లు 06:30, 07:30 యూటీసీ. మార్చి 8న మార్పు సరిగ్గా 07:00 యూటీసీకి జరుగుతుంది. 06:30కి న్యూయార్క్‌లో 1:30, ఇంకా చలికాలపు ఆఫ్‌సెట్టే. 07:30కి 3:30, అప్పటికే వేసవి ఆఫ్‌సెట్. రెండు లైన్లూ "నా సీజన్ కాదు" అనుకుంటాయి, ఆ రోజు జాబ్ నడవదు. నిజానికి ఆ రోజు 2:30 అనే సమయమే లేదు. నవంబర్ 1న 1:30కి పెట్టిన జాబ్ సంగతి దీనికి వ్యతిరేకం. 05:30 యూటీసీకి ఒక 1:30, గడియారం వెనక్కి తిరిగాక 06:30 యూటీసీకి ఇంకో 1:30. రెండూ అసలైన 1:30లే, జాబ్ రెండుసార్లూ నడుస్తుంది.

ఉదయం ఏడున్నర లాంటి సురక్షితమైన వేళ, రాసుకోవడానికి డేటాబేస్ లేని చిన్న పని, ఎప్పుడైనా ఒక రోజు పోయినా పర్వాలేదు అనుకునేవాళ్లకి ఈ సరిదిద్దిన మూడో దారి చాలు.

## నాలుగో దారి: తరచూ లేపడం, "ఈ రోజు పని అయిందా" అని రాసిపెట్టుకోవడం

ఇక్కడ షెడ్యూలర్‌కి టైమ్ బాధ్యత ఇవ్వం. అది కేవలం తలుపు తట్టే మనిషి. ఏ రోజు పని ఆ రోజు జరగాలన్న లెక్క మన దగ్గరే ఉంటుంది.

```
*/15 11-15 * * MON-FRI
```

రెండు సీజన్ల 7:30 కూడా ఈ కిటికీలోనే పడుతుంది. రోజుకి 20 సార్లు లేస్తుంది, అందులో 19 సార్లు క్షణంలో వెళ్లిపోతుంది. లోపలి నిర్ణయం ఇది:

```python
from datetime import time
from zoneinfo import ZoneInfo

NY = ZoneInfo("America/New_York")

def due(now_utc, last_done):
    local = now_utc.astimezone(NY)
    if local.weekday() >= 5:
        return None
    if not time(7, 30) <= local.time() <= time(10, 30):
        return None
    day = local.date().isoformat()
    return None if day == last_done else day
```

"ఏడో గంటేనా" అన్న ప్రశ్న పోయి "7:30 దాటిందా, ఈ లోకల్ తేదీకి పని ఇంకా కాలేదా" అన్న ప్రశ్న వచ్చింది. ఒక రన్ ఆలస్యమైతే 7:45 రన్ అందుకుంటుంది. ఒకటి పూర్తిగా పోయినా ఇంకోటి ఉంటుంది. 2:30 జాబ్ అయితే (కిటికీనీ, గడువునీ దానికి తగ్గట్టు మార్చుకుని, శని, ఆదివారాలు వదిలేసే షరతు తీసేశాక) మార్చి 8న 3 గంటల రన్ "2:30 దాటింది" అని చూసి ఒక్కసారి నడుస్తుంది. నవంబర్ 1న రెండో 1:30 వచ్చేసరికి ఆ తేదీ అప్పటికే రాసి ఉంటుంది. మూడో దారిలో మిగిలిన రెండు లోపాలూ ప్రత్యేకంగా ఏమీ రాయకుండానే పోయాయి. అందుకే మనుషులు ఎదురుచూసే పని ఏదైనా సరే, నేను ఈ దారినే ఎంచుకుంటాను.

10:30 అనే పై గడువు ఎందుకంటే, షెడ్యూలర్ సగం రోజు పడుకుని మధ్యాహ్నం లేస్తే పాత రిపోర్ట్ అప్పుడు పంపడం కంటే పంపకపోవడమే మేలు కావచ్చు. ఆ గడువు మీ పనిని బట్టి మీరే తేల్చుకోవాలి. గడువు దాటినా పని కాకపోతే ఎవరికైనా మెసేజ్ వెళ్లేలా పెట్టండి. మూడో దారిలో నన్ను ముంచింది ఆ నిశ్శబ్దమే.

కష్టమైన భాగం రాసిపెట్టుకోవడం. రెండు రన్‌లు ఒకేసారి లేస్తే రెండూ "ఇంకా కాలేదు" అని చదివే వీలుంది. అందుకని చదివి తర్వాత రాయడం కాకుండా, రాయడమే తాళంగా వాడాలి. జాబ్ పేరు, లోకల్ తేదీ కలిపి యూనిక్ కీగా ఉన్న టేబుల్ చాలు:

```sql
INSERT INTO job_runs (job, local_day)
VALUES ('report', '2026-03-09')
ON CONFLICT DO NOTHING;
```

వరుస చేరితే పని మీది. చేరకపోతే ఇంకొకరు అందుకున్నారు. ఇక పని మధ్యలో జాబ్ పడిపోతే ఏమిటి? వరుస ముందే చేరింది కాబట్టి ఆ రోజుకి మళ్లీ ఎవరూ ముట్టుకోరు. అంటే ఇలా రాస్తే మీరు "రెండుసార్లు వద్దు, పోతే పోనీ" వైపు ఒరిగినట్టు. డబ్బుకి సంబంధించిన పనికి అది సరైనదే. రిపోర్ట్‌కైతే "మొదలైంది", "పూర్తయింది" అని రెండు స్థితులు పెట్టి, మొదలై 20 నిమిషాలైనా పూర్తికాని వరుసను తర్వాతి రన్ మళ్లీ తీసుకునేలా చేయండి. అప్పుడు అరుదుగా రెండు రిపోర్ట్‌లు వెళ్లొచ్చు. పైన రెండో ప్రశ్నకు మీరిచ్చిన జవాబు ఇక్కడే పనికొస్తుంది.

ఈ దారికీ ఒక హద్దు ఉంది. జాబ్ రాత్రి 11:45కి అయితే, రన్ ఆలస్యమై 12:10కి లేస్తే లోకల్ తేదీ మారిపోయి ఉంటుంది. కొత్త రోజుకి 11:45 ఇంకా రాలేదు కాబట్టి పై ఫంక్షన్ ఏమీ చేయదు, నిన్నటి పని పోతుంది. అర్ధరాత్రికి దగ్గరున్న జాబ్‌లకి "ఈ రోజు" అని కాకుండా "ఇప్పటికి గడిచిన చివరి 11:45 ఏ తేదీది" అని లెక్కించి, ఆ తేదీతోనే వరుస రాయాలి.

## అయిదో దారి: ఒక్కో రన్ తర్వాతి రన్‌ని పెట్టుకోవడం

షెడ్యూలర్ "ఈ యూటీసీ క్షణానికి ఒక్కసారి నడుపు" అనే సౌకర్యం ఇస్తే, ప్రతి రన్ చివర్లో రేపటి 7:30ని యూటీసీలోకి మార్చి పెట్టుకోవచ్చు. ఇప్పటి క్షణానికి 24 గంటలు కలపకండి, మార్పు రోజున ఒక గంట తప్పుతుంది. రేపటి లోకల్ తేదీకి 7:30 అతికించి, అప్పుడు యూటీసీలోకి మార్చాలి. వృథా రన్‌లు ఉండవు, టైమ్ ఖచ్చితంగా ఉంటుంది. కానీ ఒక్క రన్ పడిపోతే గొలుసు తెగి, మళ్లీ ఎవరో వచ్చి కట్టేదాకా ఏమీ నడవదు. వేల మంది యూజర్లకు ఒక్కొక్కరి టైమ్‌జోన్‌లో ఒక్కో అలారం పెట్టే వ్యవస్థకి ఇది బాగుంటుంది. ఒక్క రిపోర్ట్ కోసం ఇంత అక్కర్లేదు.

## ఆరో దారి: టైమ్‌జోన్ తెలిసిన షెడ్యూలర్‌కి మారడం

అమెజాన్‌లో 2022 నవంబర్‌లో వచ్చిన ఈవెంట్‌బ్రిడ్జ్ షెడ్యూలర్‌కి టైమ్‌జోన్ ఇవ్వొచ్చు. కుబెర్నెటిస్ క్రాన్‌జాబ్‌లో `timeZone` ఫీల్డ్ 1.27 నుంచి స్థిరంగా ఉంది. మారగలిగితే మారండి, క్రాన్ లైన్ చదివేవాళ్లకి 7:30 అని కనిపించడమే పెద్ద ఊరట. కానీ గడియారం దూకే గంటలో అది ఏం చేస్తుందో దాని డాక్యుమెంటేషన్‌లో చూసుకోండి, అన్నీ ఒకేలా చేయవు. ఆలస్యాలు, పోయిన రన్‌లు కూడా అలాగే ఉంటాయి కాబట్టి, ముఖ్యమైన పనికి నాలుగో దారిలోని టేబుల్‌ని ఇక్కడా ఉంచుకోండి.

| దారి | సీజన్ మారితే | రన్ ఆలస్యమైతే | ఎవరికి |
|---|---|---|---|
| ఒకే యూటీసీ గంట | గంట జరుగుతుంది | అంతే ఆలస్యం | గంట తేడా పట్టనివాళ్లకి |
| నెలల వారీ లైన్లు | కొన్ని వారాలు తప్పు | అంతే ఆలస్యం | ఎవరికీ వద్దు |
| రెండు గంటలు, గడియారం చూసే కాపలా | 1–3 గంటల మధ్య తప్పు | పోతుంది లేదా రెట్టింపు | ఎవరికీ వద్దు |
| రెండు గంటలు, లైన్ చూసే కాపలా | 1–3 గంటల మధ్య తప్పు | అంతే ఆలస్యం | డేటాబేస్ లేని చిన్న పనికి |
| తరచూ లేపి, రాసిపెట్టుకోవడం | సరిపోతుంది | తర్వాతి రన్ అందుకుంటుంది | మనుషులు ఎదురుచూసే పనికి |
| తర్వాతి రన్ పెట్టుకోవడం | సరిపోతుంది | అంతే ఆలస్యం, పడిపోతే గొలుసు తెగుతుంది | వేల అలారాలకి |

## ఆఫ్‌సెట్‌నే మార్చేస్తే

వేసవి సమయం పాటించని చోటుకి ఈ గొడవే లేదనుకోవడం సహజం. కజకిస్తాన్‌లోని అల్మాటీలో అలాగే ఉండేది: ఏడాదంతా యూటీసీ కంటే 6 గంటలు ముందు. ఉదయం 9 గంటల జాబ్‌కి 03:00 యూటీసీ అని ఒక్క లైన్ రాసేస్తే చాలనిపిస్తుంది. 2024 మార్చి 1న దేశమంతా 5 గంటల ఆఫ్‌సెట్‌కి మారింది. ఆ రోజు నుంచి ఆ జాబ్ ఉదయం 8 గంటలకే నడుస్తుంది. మూడో దారి పాటించి ఆఫ్‌సెట్ 6 అయితేనే నడపాలని రాసినవాళ్లకి జాబ్ అసలు నడవనే నడవదు.

నాలుగో దారిలో కోడ్ మార్చక్కర్లేదు, కిటికీ కాస్త వెడల్పుగా ఉంటే చాలు. ఆఫ్‌సెట్ల సమాచారం ఐఏఎన్ఏ టైమ్‌జోన్ డేటాబేస్ నుంచి వస్తుంది, ఈ మార్పు దాని 2024a విడుదలలో చేరింది. ఆ విడుదల 2024 ఫిబ్రవరి 1న వచ్చింది, అంటే మార్పుకి సరిగ్గా నెల ముందు. అప్పటికి ఆరు నెలల ముందు కట్టిన కంటెయినర్ ఇమేజ్‌లో అది ఉండదు. లెబనాన్‌లో 2023 మార్చిలో ఆ నెల కూడా దొరకలేదు. వేసవి సమయం వాయిదా వేస్తున్నామని కొన్ని రోజుల ముందు చెప్పి, వెంటనే ఆ నిర్ణయాన్నీ వెనక్కి తీసుకున్నారు. అలాంటప్పుడు ఏ దారీ తనంతట తాను సరిగా నడవదు. లెక్క ఒకే చోట ఉంటే చేత్తో సరిదిద్దడం తేలిక, అంతే.

మీ ఇమేజ్‌లో డేటా పాతదో కాదో ఒక్క లైన్‌లో తెలుస్తుంది:

```
python -c "from datetime import datetime as d; from zoneinfo import ZoneInfo as Z; print(d(2024,3,2,tzinfo=Z('Asia/Almaty')).utcoffset())"
```

`5:00:00` వస్తే 2024 మార్పు చేరింది, `6:00:00` వస్తే పాతది. పాతది అయితే `tzdata` పైథాన్ ప్యాకేజీని అప్‌గ్రేడ్ చేసి ఊరుకోవద్దు. పైథాన్ ముందు సిస్టమ్‌లోని టైమ్‌జోన్ ఫైళ్లను వెతుకుతుంది, అవి దొరక్కపోతేనే ప్యాకేజీ దగ్గరికి వస్తుంది. సిస్టమ్ ప్యాకేజీని అప్‌డేట్ చేసి ఇమేజ్‌ని మళ్లీ కట్టాలి.

ఏ దారి ఎంచుకున్నా మార్పు రోజు కోసం ఎదురుచూడకుండా ఇప్పుడే పరీక్షించవచ్చు, ఎందుకంటే `due` ఫంక్షన్‌కి టైమ్ మనమే ఇస్తాం. `last_done` ఖాళీగా పెట్టి ఈ క్షణాలు ఇవ్వండి. 2026 మార్చి 6, శుక్రవారం: 11:30 యూటీసీకి ఏమీ రాకూడదు, 12:30కి `2026-03-06` రావాలి. మార్చి 9, సోమవారం: 11:30కే `2026-03-09` రావాలి. అక్టోబర్ 30, శుక్రవారం: ఇంకా 11:30కే రావాలి. నవంబర్ 2, సోమవారం: 11:30కి ఏమీ రాకూడదు, 12:30కి `2026-11-02` రావాలి. చివరిగా మార్చి 9నే 12:05 యూటీసీ ఇచ్చి చూడండి. నా రిపోర్ట్ పోయిన రోజు రన్ లేచింది ఆ వేళకే, ఈసారి దానికి తేదీ రావాలి.